ప్రొడక్షన్‌లో పరీక్ష: జాడను గుర్తుపట్టి తుడవగలిగిన చోటే

ప్రశ్న: "మాది బస్సు టికెట్ల బుకింగ్ సైటు. స్టేజింగ్‌లో టెస్టులన్నీ పాసవుతున్నాయి, ప్రొడక్షన్‌లోకి వెళ్లాక ఏదో ఒకటి దెబ్బతింటోంది. సింథటిక్ మానిటరింగ్, డార్క్ లాంచ్ మొదలుపెడదామని మా లీడ్ అంటున్నారు. వీటిని ఎలా పెట్టుకోవాలి, అలర్టులు ఎప్పుడు మోగాలి, ఏది చేస్తే ప్రమాదం?"

సమాధానం:

నేను చాలా ఏళ్లుగా టికెట్ల బుకింగ్ వ్యవస్థల్లోనే పనిచేస్తున్నాను కాబట్టి మీ సైటునే దృష్టిలో పెట్టుకుని చెబుతాను. ప్రొడక్షన్‌లో చేసే ప్రతి పరీక్షా ఏదో ఒక జాడను వదులుతుంది. అది ఒక సీటు మీద పడిన హోల్డు కావచ్చు, డేటాబేస్‌లో చేరిన ఒక వరుస కావచ్చు, ఎవరి ఫోనుకో వెళ్లిన మెసేజీ కావచ్చు. ఆ జాడ ఏమిటో ముందే చెప్పగలిగి, అది పరీక్షదేనని తరువాత గుర్తుపట్టగలిగి, దాన్ని పూర్తిగా తుడవగలిగితే ఆ పరీక్షను నిర్భయంగా చేయవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా దాన్ని ప్రొడక్షన్‌లో చేయకూడదన్నదే నేను పాటించే నియమం.

సింథటిక్ మానిటరింగ్‌తో మొదలుపెట్టండి. ఒక స్క్రిప్టు నిర్ణీత వ్యవధిలో మీ సైటులోకి ప్రయాణికుడిలాగే లాగిన్ అయి, ఊళ్లూ తేదీ ఇచ్చి వెతికి, ఒక బస్సును తెరిచి, సీటు ఎంచుకుని, ప్రయాణికుడి వివరాలు నింపి, చెల్లింపు పేజీ వరకూ వెళ్లి రావాలి. ప్రతి అడుగుకూ ఎంత సమయం పట్టిందో, ఏ అడుగులో ఆగిపోయిందో విడివిడిగా నమోదు చేయాలి, ఎందుకంటే "బుకింగ్ విఫలమైంది" అన్న ఒక్క మాట అర్ధరాత్రి నిద్ర లేచిన మనిషికి ఏ దారీ చూపదు. హోం పేజీ తెరుచుకుంటోందా లేదా అని మాత్రమే చూసే పరీక్ష దాదాపు నిరుపయోగం. సీట్ల పటం గంటసేపు ఖాళీగా కనిపిస్తున్నా హోం పేజీ మాత్రం చక్కగా తెరుచుకుంటూనే ఉంటుంది.

ఇందులోని ప్రమాదం ఏమిటో నేను ఒక సంక్రాంతికి ముందు నేర్చుకున్నాను. అప్పట్లో నేను పనిచేసిన సంస్థలో ఈ స్క్రిప్టును రెండు చోట్ల నుంచి, అయిదేసి నిమిషాలకు ఒకసారి నడిపేవాళ్లం. సీటు ఎంచుకోగానే దాని మీద పది నిమిషాల హోల్డు పడేది. స్క్రిప్టు చెల్లింపు పేజీ దగ్గర ఆగిపోయి హోల్డును విడిపించకుండానే బయటికి వచ్చేసేది, గడువు తీరాక అదే విడిపోతుందిలే అన్నది మా ధీమా. లెక్క వేసి చూడండి: ఒక్కో చోటు నుంచి పడిన హోల్డు విడిపోయేలోపే అక్కడి నుంచి ఇంకొకటి పడుతుంది కాబట్టి, రెండు చోట్లకూ కలిపి ఏ క్షణంలోనైనా నాలుగు సీట్లు మా పరీక్ష చేతిలోనే ఉండేవి. మామూలు రోజుల్లో సగం ఖాళీగా తిరిగే బస్సులో అది ఎవరికీ తెలియలేదు. పండుగకు ముందు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే బస్సులన్నీ నిండిపోతున్నప్పుడు, స్క్రిప్టు ఎంచుకునే "జాబితాలో మొదటి బస్సు"లో చివరి నాలుగు సీట్లు రోజంతా దొరుకుతున్నట్టే కనిపించి దొరకకుండా పోయాయి. మా తెరల మీద మాత్రం అంతా పచ్చగానే ఉంది, ఎందుకంటే సీటు దక్కుతున్నది పరీక్షకే.

ఇలాంటిది జరుగుతోందని ఎలా తెలుస్తుంది? మొత్తం అమ్మకాల గ్రాఫులో కనిపించదు. ఒక్కో బస్సుకూ హోల్డులు ఎన్ని పడ్డాయి, వాటిలో టికెట్లుగా మారినవి ఎన్ని అన్న నిష్పత్తిని చూస్తే ఒక్క బస్సు మాత్రం మిగిలినవాటికి దూరంగా నిలబడి కనిపిస్తుంది. మాకు అది కూడా ముందు తట్టలేదు. ఆ బస్సు ఆపరేటరే ఫోను చేసి, నాలుగు సీట్లు ఎందుకు మిగిలిపోయాయని అడిగారు.

దీనికి మేము చేసిన మార్పులను మీరు మొదటి రోజునుంచే పెట్టుకోవచ్చు. మీ ఇన్వెంటరీలో పరీక్ష కోసమే ఒక బస్సును సృష్టించి, అది పరీక్ష ఖాతాకు తప్ప మరెవరి వెతుకులాటలోనూ కనిపించకుండా చేయండి. స్క్రిప్టు చివరి అడుగుగా హోల్డును తానే విడిపించాలి. మధ్యలో స్క్రిప్టు చచ్చిపోతే విడిపించేవారు ఉండరు కాబట్టి, పరీక్ష ఖాతా పేరున పదిహేను నిమిషాలకు మించి మిగిలిన వాటన్నిటినీ ఊడ్చేసే పని ఒకటి విడిగా నడవాలి. అమ్మకాల నివేదికల నుంచి ఈ ఖాతా బుకింగులను తీసివేయండి, కానీ ఎర్రర్ లాగుల నుంచి మాత్రం తీసివేయకండి, అవి కనిపించడం కోసమే కదా ఇదంతా.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. పరీక్షను గుర్తుపట్టడానికి చాలామంది `X-Synthetic: 1` వంటి హెడరును పంపి, సర్వరులో ఆ హెడరు కనిపిస్తే చెల్లింపును దాటవేయిస్తారు. ఆ హెడరును బయటివాళ్లు ఎవరైనా పంపగలరు, అంటే డబ్బు కట్టకుండా టికెట్ తీసుకునే తలుపును మీరే తెరిచిపెట్టినట్టు అవుతుంది. గుర్తింపు సర్వరు వైపు ఖాతాను బట్టి మాత్రమే జరగాలి, ఆ ఖాతాకు ఆ ఒక్క పరీక్ష బస్సులో తప్ప మరెక్కడా సీటు పట్టే హక్కు ఉండకూడదు.

ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. పరీక్ష బస్సు మీ ఇన్వెంటరీలో ఉంటుందే తప్ప ఆపరేటరు వ్యవస్థలో ఉండదు, అందువల్ల ఆపరేటరుతో మీకున్న లింకు తెగిపోతే ఈ స్క్రిప్టుకు తెలియదు. దాని కోసం నిజమైన బస్సుల మీద కేవలం వెతికి, సీట్ల పటం చదివి ఆగిపోయే రెండో స్క్రిప్టును పెట్టండి. చదవడం వరకే కాబట్టి అది ఏ సీటునూ పట్టుకోదు.

ఇక అలర్టుల సంగతి. స్క్రిప్టు విఫలమైతే అలర్టు మోగాలని అందరూ పెడతారు, స్క్రిప్టే ఆగిపోతే ఏం జరుగుతుందో కొద్దిమందే ఆలోచిస్తారు. మీరు ప్రొమీథియస్ వాడుతూ, స్క్రిప్టు ఫలితాన్ని పుష్‌గేట్‌వేకు పంపుతున్నారనుకోండి. పుష్‌గేట్‌వే తనకు చివరగా అందిన విలువను ఎవరైనా తుడిచేదాకా అలాగే చూపిస్తూ ఉంటుంది. అంటే సోమవారం "సఫలం" అని పంపి స్క్రిప్టు చచ్చిపోతే గురువారం కూడా సఫలమనే కనిపిస్తుంది. అందుకే సఫలమా విఫలమా అన్న విలువను కాక, చివరిసారి సఫలమైన సమయాన్ని పంపి, అది ఎంత పాతబడిందో చూడాలి. అలా చేస్తే వైఫల్యమూ మౌనమూ రెండూ ఒకే లెక్కలో దొరుకుతాయి.

```yaml
- alert: BookingProbeStale
  expr: |
    time() - max(booking_probe_last_success_timestamp_seconds) > 900
    or absent(booking_probe_last_success_timestamp_seconds)
  labels:
    severity: page
```

ఇందులో 900 సెకన్లంటే అయిదేసి నిమిషాల చొప్పున మూడు వరుస ప్రయత్నాలు తప్పినట్టు. ఒక్క ప్రయత్నం విఫలమవగానే మోగిస్తే నెట్‌వర్కు ఒక్కసారి తడబడినా మనిషి నిద్ర లేవవలసి వస్తుంది, అలా నాలుగు రాత్రులు లేచిన వ్యక్తి అయిదో రాత్రి అలర్టును చూడకుండానే ఆపేస్తారు. `max` పెట్టడంలో ఉద్దేశం, రెండు చోట్లలో ఏ ఒక్క చోటు నుంచి బుకింగ్ జరుగుతున్నా మనిషిని లేపవద్దని. ఒక చోటు మాత్రమే ఆగిపోతే దానికి పొద్దున చూసుకునేలా పనుల జాబితాలో ఒక నమోదు చాలు. చివరి `absent` పుష్‌గేట్‌వే రీస్టార్టయి ఆ విలువే మాయమైపోయిన సందర్భం కోసం.

ఈ అలర్టు ఒక్కటే సరిపోదు. స్క్రిప్టు నడిచే దారి ఒక్కటే, ప్రయాణికులు నడిచే దారులు చాలా. అందుచేత నిజమైన ట్రాఫిక్కులో సీటు హోల్డు చేసినవారిలో ఎంతమందికి టికెట్ అందుతోందన్న నిష్పత్తి మీద రెండో అలర్టు ఉండాలి. తెల్లవారుజామున మూడింటికి ముగ్గురే బుక్ చేస్తుంటే ఒకరు మనసు మార్చుకున్నా ఆ నిష్పత్తి మూడోవంతు పడిపోతుంది కాబట్టి, నిర్ణీత సంఖ్యకు మించి హోల్డులు ఉన్నప్పుడే అది మోగేలా పెట్టాలి. ఆ నిశ్శబ్ద గంటల్లో భారాన్ని సింథటిక్ స్క్రిప్టు మోస్తుంది, పగటి రద్దీలో నిజమైన ట్రాఫిక్కు మోస్తుంది.

డార్క్ లాంచ్ అంటే కొత్త కోడును ప్రొడక్షన్ ట్రాఫిక్కుతో నడిపించడం, కానీ దాని ఫలితాన్ని వాడుకరికి చూపించకపోవడం. 2008లో ఫేస్‌బుక్ తన చాట్‌ను ప్రవేశపెట్టే ముందు, పేజీలో ఏ చాట్ పెట్టె కనిపించకుండానే వాడుకరుల బ్రౌజర్ల నుంచి చాట్ సర్వర్లకు కనెక్షన్లు తెరిపించి, మెసేజీలు పంపుతున్నట్టు అనుకరింపజేసింది. అంత భారాన్ని సర్వర్లు మోయగలవా లేదా అన్నది ఆ విధంగా ముందే తేలింది. మీలాంటివారికి భారం కంటే సరైన లెక్క ముఖ్యం, అందుకని ఛార్జీ లెక్కించే కొత్త సర్వీసును ఉదాహరణగా తీసుకుంటాను.

పాత సర్వీసు ఎప్పటిలాగే ఛార్జీ లెక్కించి ప్రయాణికుడికి ఇస్తుంది. ఆ తరువాత అదే అభ్యర్థన నకలును ఒక క్యూలో వేస్తారు, అక్కడి నుంచి కొత్త సర్వీసు తీసుకుని లెక్క కడుతుంది, రెండు జవాబులనూ పోల్చి తేడాలను నమోదు చేస్తారు. క్యూ ఎందుకంటే, కొత్త సర్వీసు నెమ్మదిస్తే ఆ నెమ్మది ప్రయాణికుడి దాకా రాకూడదు. ఆ క్యూకు హద్దు కూడా ఉండాలి. అది నిండితే కొత్త నకళ్లను వదిలేయాలి తప్ప ఎవరినీ ఆపకూడదు. మొదట నూటికి ఒక అభ్యర్థనతో మొదలుపెట్టి, డేటాబేస్ మీద పడుతున్న భారాన్ని చూస్తూ పెంచండి. పాతదీ కొత్తదీ ఒకే డేటాబేస్‌ను చదువుతుంటే, నూరు శాతం నకలు అంటే దాని మీద ఆ ప్రశ్నలు రెట్టింపు కావడమే.

తేడాలు తప్పక వస్తాయి, వాటిని ఎలా చదవాలన్నదే అసలు పని. మాకు వచ్చిన ఒక తేడాను దగ్గరగా చూపిస్తాను. ఛార్జీ 649 రూపాయలు, పది శాతం తగ్గింపు పోగా 584.10, దాని మీద 5 శాతం జీఎస్టీ 29.205. పాత సర్వీసు పన్నును ముందే పైసలకు సవరించి 29.21 చేసి, మొత్తం 613.31 చూపించింది. కొత్త సర్వీసు ఏమీ సవరించకుండా కూడి 613.305 తెచ్చుకుని, చివరన సరి అంకె వైపు సవరించే పద్ధతిలో 613.30 ఇచ్చింది. ఒక్క పైసా తేడాను పట్టించుకోవడం ఎందుకని మాలో ఒకరు అన్నారు. కానీ ఇన్‌వాయిసులో పన్ను విడిగా, మొత్తం విడిగా ముద్రిస్తాం కాబట్టి ఆ రెండూ కూడితే సరిపోని ఇన్‌వాయిసు అకౌంట్స్ వారికి నెలాఖరున తలనొప్పి అవుతుంది. దాన్ని సరిచేశాకే మిగిలిన తేడాలు కనబడ్డాయి. పైసా తేడాల గుంపు కింద, రాత్రి పన్నెండు దాటాక ఎక్కే ప్రయాణికులకు ముందురోజు ఛార్జీ వేస్తున్న అసలు తప్పు దాగి ఉంది. తేడాల శాతాన్ని మాత్రమే చూసి "బాగా తక్కువే" అని ముందుకు వెళ్లి ఉంటే అది ప్రయాణికుల దాకా వెళ్లేది. తేడాలను కారణాన్ని బట్టి గుంపులు చేయండి, కారణం తెలియని గుంపు ఒక్కటైనా మిగిలి ఉండగా కొత్తదాన్ని బయటపెట్టకండి.

డార్క్ లాంచ్‌లో మేము చేసిన తప్పును కూడా చెప్పాలి. ఛార్జీ లెక్కించడమంటే చదవడం మాత్రమేనని అందరం నమ్మాం. మొదటి వెయ్యి మందికి మాత్రమే వర్తించే ఒక కూపన్ ఉండేది. ఆ కూపన్ చెల్లుతుందా అని అడిగే ఫంక్షనే, చెల్లితే లెక్కను ఒకటి పెంచేది కూడా. పాత సర్వీసు ఒకసారి అడిగింది, కొత్త సర్వీసు నకలు మీద మళ్లీ అడిగింది. అప్పటికి నూరు శాతం నకలు నడుస్తోంది కాబట్టి అయిదు వందల మంది వాడేసరికే కూపన్ అయిపోయింది. పేరులో "చెక్" అని ఉన్నంత మాత్రాన ఒక ఫంక్షన్ ఏమీ రాయదని అనుకోకూడదు. అప్పటినుంచి నకలు దారిలో నడిచే సర్వీసుకు డేటాబేస్‌లో చదివే హక్కు మాత్రమే ఉన్న వేరే యూజరును ఇస్తున్నాం. ఏదైనా రాయబోతే అది అక్కడికక్కడే ఎర్రరై నిలుస్తుంది, ఆ ఎర్రరే మనకు దాగి ఉన్న రాతను పట్టిస్తుంది.

ఈ సందర్భంలో అమెరికాకు చెందిన నైట్ క్యాపిటల్ సంస్థకు 2012 ఆగస్టు 1న జరిగినదాన్ని ప్రతి బృందమూ చదవాలని కోరుకుంటాను. అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో వివరాలన్నీ ఉన్నాయి. ఆ సంస్థ షేర్ల ఆర్డర్లను పంపే ఎనిమిది సర్వర్లలో కొత్త కోడు వేయవలసి ఉండగా, ఒకదానిలో వేయడం మరిచిపోయారు. కొత్త కోడును పనిచేయించే ఫ్లాగు, ఏళ్ల క్రితమే వాడటం మానేసిన పవర్ పెగ్ అనే పాత కోడుకు చెందినది. ఆ పాత కోడును తొలగించకుండా వదిలేసి ఫ్లాగును మాత్రం మళ్లీ వాడారు. మార్కెట్ తెరవగానే ఏడు సర్వర్లలో కొత్త కోడూ, ఎనిమిదో దానిలో పవర్ పెగ్గూ మేల్కొన్నాయి. పవర్ పెగ్ ఆర్డరు పూర్తయినా ఆపకుండా మళ్లీ మళ్లీ పంపుతూ పోయింది. తప్పు ఎక్కడుందో తెలియక, సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్లలోంచి కొత్త కోడును తీసేయడంతో అక్కడా పవర్ పెగ్ మొదలైంది. సుమారు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగి, సంస్థకు 46 కోట్ల డాలర్లకు మించిన నష్టం వచ్చింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ ఉదయం మార్కెట్ తెరవకముందు జరిగిన విషయం. పవర్ పెగ్ పేరును ప్రస్తావించే 97 ఈమెయిళ్లను వారి వ్యవస్థే సిబ్బందికి పంపింది. అవి అలర్టులుగా రూపొందించినవి కావు, ఎవరూ సాధారణంగా చదివేవీ కావు, అందువల్ల అవి పోగుపడుతూనే ఉన్నాయి. మీ వైపు నేడే చేయగలిగినవి రెండున్నాయి. ఫ్లాగు పేరును ఎన్నడూ తిరిగి వాడకండి, పని అయిపోయిన ఫ్లాగును దాని కోడుతో సహా తొలగించండి. అలాగే, అన్ని సర్వర్లూ ఒకే వెర్షన్‌లో ఉన్నాయా అన్నదాన్ని మనిషి జ్ఞాపకానికి వదలకుండా ఒక అలర్టుగా పెట్టండి. ప్రతి సర్వరూ తన వెర్షన్‌ను మెట్రిక్‌లో చెబితే, డిప్లాయ్‌మెంట్ ముగిసిన పది నిమిషాల తరువాత కూడా రెండు వెర్షన్లు కనిపించినప్పుడు అది మోగుతుంది.

ఇక అసలు చేయకూడని చోట్లు. మనుషులకు చేరే మెసేజీ మొదటిది. పంపిన ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తీసుకోలేం. 2018 జనవరి 13న హవాయిలో అత్యవసర విభాగం డ్రిల్లు నిర్వహిస్తుండగా, ఉద్యోగి ఒకరు అది నిజమని భావించి క్షిపణి దాడి హెచ్చరికను ప్రజల ఫోన్లకు పంపారు. అది పొరపాటని తెలిపే మెసేజీ ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. "మీ బస్సు రద్దయింది" అన్న ఒక్క తప్పుడు మెసేజీ వెళ్లినా, బస్టాండుకు బయలుదేరిన కుటుంబం వెనక్కి తిరిగిపోతుంది. మీ స్క్రిప్టు వాడే ఫోను నంబరు మీ సంస్థ పేరున తీసుకున్న సిమ్ అయి ఉండాలి. ఊహించి రాసిన పది అంకెలు ఎవరో ఒకరి నంబరే అయి ఉంటాయి.

రెండవది మీది కాని వ్యవస్థ. ఆపరేటరు సర్వరు, బ్యాంకు గేట్‌వే మీ పరీక్ష కోసం కట్టినవి కావు. డార్క్ లాంచ్‌లో నకలు అభ్యర్థన ఆపరేటరు దగ్గరికి కూడా వెళ్తే వారికి మీ ట్రాఫిక్కు ఒక్కసారిగా రెట్టింపైనట్టు కనిపిస్తుంది, వారు మిమ్మల్ని నిలిపివేస్తే నిజమైన ప్రయాణికులే నష్టపోతారు. వారి జవాబును పాత దారిలో ఒకసారి తీసుకుని, అదే జవాబును కొత్త దారికి కూడా ఇవ్వండి.

మూడవది ప్రయాణికుల వివరాలు. తేడాలను నమోదు చేసే లాగులో పూర్తి అభ్యర్థనను రాసేయడం తేలిక, కానీ అందులో పేరు, వయసు, ఫోను నంబరు అన్నీ ఉంటాయి, ఆ లాగును చూసే హక్కు ప్రొడక్షన్ డేటాబేస్‌ను చూసే హక్కు కంటే ఎప్పుడూ ఎక్కువమందికి ఉంటుంది. ఛార్జీ లెక్కకు కావలసిన బస్సు, సీటు రకం, ఎక్కే చోటు, దిగే చోటు, తేదీ, కూపన్ మాత్రమే నకలులో ఉంచండి.

చెల్లింపు దగ్గరికి వస్తే, గేట్‌వే ఇచ్చే టెస్ట్ మోడ్ వారి సాండ్‌బాక్సును పరీక్షిస్తుందే తప్ప నిజమైన యూపీఐ దారిని పరీక్షించదు. ఆ దారిని చూడాలంటే నిజమైన డబ్బే కదలాలి. మేము రోజుకు ఒక్కసారి, పగటి వేళ, బృందంలోని ఒకరు సంస్థ ఖాతా నుంచి ఒక రూపాయి ఛార్జీతో పరీక్ష బస్సులో టికెట్ తీసుకుని, రద్దు చేసి, రిఫండు వచ్చిందో లేదో మరుసటి రోజుల్లో ఖాతాలో చూసి రాసుకునే ఏర్పాటు చేసుకున్నాం. దాన్ని అయిదు నిమిషాలకొకసారి నడిచే స్క్రిప్టుకు అప్పగించలేదు. రోజుకు 288 చెల్లింపులు, 288 రిఫండ్లు అకౌంట్స్ పుస్తకాల్లోకి చేరితే, వాటి మధ్య నిజమైన ప్రయాణికుడికి అందని ఒక్క రిఫండును వెతికి పట్టుకోవలసినది ఆ విభాగంలోని మనుషులే.